మాటలు మాత్రమే చదివి వీడియో సారాంశం రాస్తే ఏం జారిపోతుంది: ఒక బోటు ఇంజన్ వీడియోతో పూర్తి పద్ధతి

వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఇంజన్లు విప్పేదీ, రంగులు వేసేదీ అప్పుడే. అలాంటి ఒక సీజన్‌లో, కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ల కోసం ఒక మేస్త్రి గారి పనిని ఫోన్లో వీడియో తీశారు. డీజిల్ ఫిల్టర్ మార్చాక ఇంజన్‌కి ఎయిర్ ఎలా తీయాలో, అంటే డీజిల్ దారిలో చిక్కిన గాలిని ఎలా బయటికి పంపాలో చూపించే వీడియో అది, నిడివి 11 నిమిషాల 20 సెకన్లు. దాన్ని ఒక పేజీ నోట్స్‌గా రాసే పని నాకు వచ్చింది.

వీడియోలోని మాటలన్నీ అప్పటికే ఎవరో టైప్ చేసి, టైమ్‌తో సహా సబ్‌టైటిల్ ఫైలుగా ఇచ్చారు. అది చదివితే చాలు కదా అనుకుని, వీడియో తెరవకుండానే సారాంశం రాసేశాను. అందులో ఒక వాక్యం ఇది: "ఫిల్టర్ మీది నట్టును రెండు చుట్లు వదులు చేసి, డీజిల్ వచ్చే వరకు చేతి పంపు కొట్టి, మళ్లీ బిగించాలి."

భీమిలి నుంచి వచ్చిన కుర్రాడు ఆ కాగితం చూసుకుంటూ పని చేశాడు. ఫిల్టర్ తల మీద కనిపించిన పెద్ద బోల్టునే వదులు చేశాడు. అది గాలి బయటికి వదిలే ఎయిర్ స్క్రూ కాదు, ఫిల్టర్‌ను తలకు పట్టి ఉంచే నడిమి బోల్టు. అది వదులైతే సీలు దగ్గర సందు ఏర్పడి డీజిల్ కారిపోతుంది, తీయాల్సిన గాలి పోకపోగా కొత్త గాలి లోపలికి వెళ్తుంది. గంటసేపు పంపు కొట్టినా ఇంజన్ స్టార్ట్ కాలేదు. తప్పు ఆ కుర్రాడిది కాదు. నా వాక్యంలో "నట్టు" అన్న మాట తప్ప ఏ నట్టో లేదు. సబ్‌టైటిల్ ఫైలులోనూ లేదు. అది తెర మీద మాత్రమే ఉంది.

ఆ తర్వాత అదే వీడియోకి మళ్లీ సారాంశం రాశాను. ఈసారి ఎలా రాశానో ఇక్కడ వరసగా చెబుతాను. లినక్స్ లేదా మ్యాక్ కంప్యూటర్‌లో వీడియోని ముక్కలుగా, బొమ్మలుగా తీసే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, దాంతోపాటు పైథాన్ ఉంటే చాలు, రెండూ ఉచితమే. వీడియో పేరు `filter.mp4`, సబ్‌టైటిల్ ఫైలు పేరు `filter.srt` అనుకుందాం.

ముందుగా: ఈ వీడియోకి బొమ్మ అవసరమా, కాదా

అన్ని వీడియోలకూ ఇంత పని అక్కర్లేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూకి మాటలు దాదాపు సరిపోతాయి. తెలుసుకోవడం తేలిక. ఫోన్‌ను బోర్లా పెట్టి మొదటి మూడు నిమిషాలు వినండి. "ఏది? ఎక్కడ? ఎంత?" అని మనసులో ఒక్కసారైనా అడగాల్సి వచ్చిందంటే, ఆ వీడియోలో కొంత సమాచారం మాటలకు బయట ఉన్నట్టే. మేస్త్రి గారి వీడియోలో నాకు రెండో నిమిషంలోనే ఆ ప్రశ్న వచ్చింది.

మొదటి మెట్టు: చూపించే మాటల్ని ఏరడం

చేతిలో వస్తువు పెట్టుకుని మాట్లాడేవాళ్లు దాని పేరు చెప్పరు. ఇది, ఇక్కడ, ఇలా, ఇంత అంటారు. ఎదుటివాడికి కనిపిస్తోంది కాబట్టి పేరు అవసరం ఉండదు. ఆ మాట అన్నప్పుడు అర్థంలో సగం నోటి నుంచి, సగం చేతి నుంచి వస్తుంది. టైప్ చేసేవాళ్లు నోటి సగాన్ని మాత్రమే రాస్తారు. అలాంటి వరసలన్నీ ఏరడానికి ఈ ఒక్క ఆదేశం చాలు:

```
grep -n -E "ఇది|ఇక్కడ|ఇలా|ఇటు|ఇంత|ఇప్పుడ|చూడ|చూడు|సూడ|సూడు" filter.srt
```

"సూడు" ఎందుకు పెట్టానంటే, మన ఉత్తరాంధ్ర మాటలో "చూడు" చాలాసార్లు "సూడు" అవుతుంది. టైప్ చేసినవాళ్లు కొన్నిచోట్ల ఉన్నది ఉన్నట్టు రాస్తారు, కొన్నిచోట్ల దిద్దేస్తారు. రెండూ వెతకాలి. మీ వీడియోలో మనిషి ఏ ఊరి మాట మాట్లాడుతున్నాడో విని, ఆ మాటలు కూడా చేర్చండి.

నాకు 23 వరసలు వచ్చాయి. అన్నీ పనికొచ్చేవి కావు. "ఇదివరకు", "ఇలాంటి" లాంటివి కూడా పట్టుబడతాయి. "ఫిల్టర్ పాతబడితే ఇంజన్ మొండికేస్తుంది, ఇది అందరికీ తెలిసిందే" అన్న వాక్యంలో "ఇది" ముందు చెప్పిన మాటనే సూచిస్తోంది. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఆ మాట తీసేసి, పై రెండు మూడు వాక్యాల్లోంచి ఒక పేరు అక్కడ పెట్టగలనా? పెట్టగలిగితే మాటల్లోనే అర్థం ఉంది, వదిలేస్తాను. పెట్టలేకపోతే తెర చూడాల్సిందే. ఆ లెక్కన 9 వరసలు మిగిలాయి. వాటిలో అసలైనది మూడో నిమిషం 5వ సెకను దగ్గర ఉంది:

"ఇదిగో, ఇది లూజ్ చెయ్యి బాబూ. రెండు సుట్లు. ఇలాగ. ఎక్కువొద్దు, ఇంతే."

ఒక్క వస్తువు పేరు కూడా లేని మాట ఇది. అయినా మొదటిసారి దీన్నే నేను "ఫిల్టర్ మీది నట్టు" అని రాశాను. దానికి నాలుగు వరసల ముందు ఫిల్టర్ గురించి మాట్లాడాడు కాబట్టి, ఖాళీని నేనే నింపేసుకున్నాను. సారాంశం రాసేవాళ్లందరూ జారే చోటు ఇదే అని నా నమ్మకం. అర్థం కాని వాక్యం కనబడితే ఆగుతాం. అర్థమైనట్టు ఉన్న వాక్యం దగ్గర ఆగం.

రెండో మెట్టు: మాట లేని చోట్లు

మాటల ఫైలులో మౌనం కనిపించదు. ఒక వరస కింద ఇంకో వరస ఉంటుంది, మధ్యలో రెండు సెకన్లు గడిచినా నలభై సెకన్లు గడిచినా చూపుకు ఒకేలా ఉంటుంది. పని నేర్పే వీడియోల్లో మనిషి నోరు మూసుకునేది చెయ్యి బిజీగా ఉన్నప్పుడే.

శబ్దం లేని చోట్లు వెతికే ఏర్పాటు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఉంది, కానీ హార్బర్‌లో తీసిన వీడియోకి అది పనికిరాలేదు. మేస్త్రి గారు మాట్లాడకపోయినా పక్క బోటులో గ్రైండర్ మోగుతూనే ఉంది. అందుకే శబ్దాన్ని వదిలి, సబ్‌టైటిల్ ఫైలులోని టైమ్‌లనే లెక్కపెట్టించాను. ఒక వరస ముగిసిన తర్వాత ఇంకో వరస మొదలవడానికి 5 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే ఈ చిన్న ప్రోగ్రామ్ చూపిస్తుంది:

```python
import re
t = open("filter.srt", encoding="utf-8").read()
def s(x):
    h, m, r = x.split(":")
    return int(h)*3600 + int(m)*60 + float(r.replace(",", "."))
p = 0
for a, b in re.findall(r"(\S+) --> (\S+)", t):
    if s(a) - p >= 5:
        print(round(p), round(s(a)))
    p = s(b)
```

చివరి మాట తర్వాత మిగిలిన భాగాన్ని ఇది చూపించదు, అది మీరే చూడాలి. నా వీడియోకి వచ్చిన జవాబు:

```
0 9
206 244
248 260
511 529
```

అన్నీ సెకన్లు. రెండో వరస చూడండి. 206 నుంచి 244 వరకు, అంటే 3:26 నుంచి 4:04 వరకు, 38 సెకన్లు ఒక్క మాట లేదు. దానికి ముందు "ఇప్పుడు కొట్టు. ఇంకా... ఇంకా..." అని ఉంది. దాని తర్వాత "ఆఁ, ఇప్పుడొచ్చింది సూడు" అని ఉంది. ఏం వచ్చిందో లేదు. డీజిల్ వచ్చిందనుకున్నాను, అందుకే "డీజిల్ వచ్చే వరకు" అని రాశాను. అది కూడా తప్పే, ఎలాగో కింద చెబుతాను.

మూడో మెట్టు: ఆ చోట్ల బొమ్మలు తీయడం

ఏరిన ప్రతి టైమ్ దగ్గర ఒక్క ఫోటో తీస్తే చాలదు. చెయ్యి ఒక్కోసారి మాటకన్నా ముందే వస్తువు దగ్గరికి వెళ్తుంది, మాట అనేసరికి అరచేయి దాన్ని కప్పేస్తుంది. అందుకని మాటకు ఒక సెకను ముందు నుంచి ఐదు సెకన్ల పాటు, సెకనుకు రెండు చొప్పున పది బొమ్మలు తీసి, ఒకే పలకగా పేర్చుకుంటాను:

```
ffmpeg -ss 00:03:04 -t 5 -i filter.mp4 -vf "fps=2,scale=480:-1,tile=5x2" -frames:v 1 0304.png
```

ఆ పలకలో మూడో బొమ్మ చూడగానే కడుపులో దేవినట్టయింది. ఫిల్టర్ తల మీద రెండు ఉన్నాయి: నడిమిన పెద్ద బోల్టు, పక్కన చిన్న స్క్రూ. స్పానర్ చిన్నదాని మీద ఉంది. కుర్రాడు చేసిన తప్పు జరగకుండా ఉండటానికి ఆ ఒక్క బొమ్మ చాలు.

తర్వాత, మాటలతో సంబంధం లేకుండా మొత్తం వీడియోని కూడా ఒకసారి పరచుకోవాలి. పది సెకన్లకు ఒక బొమ్మ చొప్పున:

```
ffmpeg -i filter.mp4 -vf "fps=1/10,scale=320:-1,tile=6x5" sheet_%02d.png
```

ఒక్కో పలకలో 30 బొమ్మలు, అంటే ఐదు నిమిషాలు. 11 నిమిషాల వీడియోకి మూడు పలకలు వస్తాయి. సీను మారిన చోట మాత్రమే బొమ్మ తీసే పద్ధతి ఒకటుంది, చాలామంది అదే వాడతారు. స్లైడ్లు మారే పాఠాలకు అది బాగుంటుంది. ఇలా ఫోన్‌ను ఒకచోట పెట్టి తీసిన వీడియోలో సీను మారదు, చేతులే కదులుతాయి. దానికి అది ఒక్క బొమ్మ కూడా ఇవ్వకపోవచ్చు.

ఈ పలకల వల్లే నాకు ఇంకో సంగతి తెలిసింది. 1:50 నుంచి 2:40 వరకు మేస్త్రి గారు నిషేధం రోజుల్లో ఇంటి ఖర్చుల గురించి, డీజిల్ ధర గురించి మాట్లాడాడు. నా మొదటి సారాంశంలో ఆ కబుర్లకు ఒక వాక్యం కూడా ఇచ్చాను. బొమ్మల్లో చూస్తే, ఆ 50 సెకన్లూ ఆయన శుభ్రమైన గుడ్డతో ఫిల్టర్ తల చుట్టూ తుడుస్తున్నాడు. స్క్రూ విప్పినప్పుడు దుమ్ము, తుప్పు లోపల పడితే ఇంజెక్షన్ పంపు దెబ్బతింటుంది, అందుకే తుడవడం. ఆయనకు అది చెప్పాల్సిన విషయంగా తోచలేదు, చేతి అలవాటు. నోరు ఒకటి చెబుతుంటే చెయ్యి ఇంకొకటి చేస్తోంది. చూపించే మాట లేదు, మౌనం లేదు, కాబట్టి మొదటి రెండు మెట్లలో ఇది పట్టుబడదు. దీనికి మొత్తం పరచి చూడటం తప్ప దారి లేదు.

నాలుగో మెట్టు: ఫోటోలో పట్టుబడనిది

ఫోటో కదలికను చెప్పదు. పంపు ఎంత వేగంగా కొట్టాలి, స్పానర్ ఎటు తిరిగింది, ఏది ముందు ఏది తర్వాత, ఇవన్నీ ముక్కగా చూడాలి. ఆ ముక్కను శబ్దం తీసేసి చూడమంటాను. శబ్దం ఉంటే చెవి ఎటు చెబితే కన్ను అటే పోతుంది.

```
ffmpeg -ss 00:03:26 -t 55 -i filter.mp4 -an gaali.mp4
```

3:26 నుంచి 4:21 వరకు ఉన్న ఈ ముక్కను ఆరుసార్లు చూశాను. చిన్న స్క్రూ చుట్టూ మొదట తెల్లటి నురగ వస్తుంది. అది డీజిలే, కానీ గాలితో కలిసింది. పంపు కొట్టేకొద్దీ నురగ పలచబడి బుడగలు విడివిడిగా వస్తాయి. చివరికి బుడగ లేకుండా డీజిల్ తేటగా కారుతుంది. మేస్త్రి గారు "ఇప్పుడొచ్చింది" అన్నది దాని గురించి. "డీజిల్ వచ్చే వరకు" అన్న నా వాక్యం ప్రకారం చేస్తే నురగ కనబడగానే ఆపేస్తారు, గాలి లోపలే ఉండిపోతుంది.

ఇంతకన్నా పెద్ద సంగతి 4:08 తర్వాతి పన్నెండు సెకన్ల మౌనంలో ఉంది. ఆయన కుడిచేత్తో స్క్రూ బిగిస్తున్నాడు. ఎడమచేయి పంపు మీద ఇంకా ఆడుతూనే ఉంది. స్క్రూ బిగిసే వరకు డీజిల్ బయటికి తోసుకొస్తూ ఉంటేనే ఆ సందులోంచి గాలి తిరిగి లోపలికి వెళ్లదు. పంపు ఆపేసి తీరిగ్గా బిగిస్తే అంతవరకూ పడ్డ శ్రమ పోతుంది. మొత్తం వీడియోకి ప్రాణం లాంటి ఈ విషయం మాటల ఫైలులో ఎక్కడా లేదు. మొదటి నుంచి చివరి వరకు పదిసార్లు చదివినా దొరకదు.

ఐదో మెట్టు: మాటకూ బొమ్మకూ పొసగకపోతే

"రెండు సుట్లు" అన్నాడు. స్పానర్‌ని ఒక్కో బొమ్మగా చూస్తే ఒక చుట్టు దాటలేదు. ఇలాంటి చోట మాటే నిజమని గానీ, బొమ్మే నిజమని గానీ మనం తేల్చకూడదు. నేను రెండూ రాసుకుని ఆయనకే ఫోన్ చేశాను.

"రెండు అన్నది మాట వరసకన్నాను బాబూ," అన్నాడు. "డీజిల్ బైటికొచ్చేంత వదిలితే సాలు. పూర్తిగా ఊడదియ్యకూడదు, అదే ముఖ్యం."

చుట్ల లెక్క కన్నా ఈ జవాబు ఎంతో మేలు. మనిషి అందుబాటులో లేకపోతే, "రెండు చుట్లు అన్నారు, వీడియోలో ఒక చుట్టే కనిపిస్తోంది" అని సారాంశంలో రాసేయడం మంచిది. కుడి, ఎడమ అన్న మాటలకూ ఇదే జాగ్రత్త. ఇంజన్‌కి అటువైపు నిలబడ్డ మనిషి కుడి, కెమెరాకి ఎడమ అవుతుంది. నేను ఆ మాటలు వాడటం మానేసి "పంపు ఉన్న వైపు" అని రాస్తున్నాను.

ఆరో మెట్టు: పట్టిక నుంచి సారాంశానికి

కాగితం మీద మూడు గళ్లు గీసుకుంటాను: టైమ్, విన్నది, చూసింది. మూడో నిమిషం దగ్గర నా కాగితం ఇలా ఉంది:

1:50 | డీజిల్ ధర కబుర్లు | ఫిల్టర్ తల చుట్టూ తుడవడం
3:05 | ఇది లూజ్ చెయ్యి, రెండు చుట్లు | పక్కనున్న చిన్న స్క్రూ, ఒక చుట్టు
3:26 | (మాట లేదు) | పంపు కొట్టడం. నురగ, బుడగలు, తేట డీజిల్
4:08 | (మాట లేదు) | ఒక చేత్తో పంపు కొడుతూనే ఇంకో చేత్తో బిగించడం

సారాంశం రాసేటప్పుడు రెండో గడి, మూడో గడి కలిపి రాస్తాను. కొత్త వాక్యాలు ఇలా వచ్చాయి: "ఫిల్టర్ తల చుట్టూ శుభ్రమైన గుడ్డతో తుడవాలి. నడిమి పెద్ద బోల్టు ముట్టుకోకూడదు. పక్కనున్న చిన్న ఎయిర్ స్క్రూను డీజిల్ బయటికి వచ్చేంత వదులు చేయాలి, ఊడదీయకూడదు. నురగ పోయి, బుడగలు లేని తేట డీజిల్ వచ్చే వరకు చేతి పంపు కొట్టాలి. పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి." పక్కన మూడో బొమ్మ ముద్రించి, చిన్న స్క్రూకి గుండ్రం చుట్టాను. ఇది ఆ వీడియోలోని ఇంజన్ రకానికి మాత్రమే అని కూడా రాశాను, ఎందుకంటే ఎయిర్ స్క్రూ ఉండే చోటు అన్ని ఇంజన్లకూ ఒకటి కాదు.

మొత్తం పనికి గంటన్నర పట్టింది. మాటలు చదివి రాసినప్పుడు ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

వేరే వీడియోలకు ఇదే లెక్క

తుపాను సమయంలో వాతావరణ హెచ్చరికల వీడియోలు చూడండి. మాట్లాడేవారు మ్యాప్ మీద చెయ్యి పెట్టి "ఇక్కడి నుంచి ఇటు కదిలే అవకాశం ఉంది, ఈ జిల్లాలకు ఆరెంజ్" అంటారు. అవి ఏ జిల్లాలన్నది మ్యాప్ మీది రంగే చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది కాబట్టి, ఆ మ్యాప్ మీద మన జిల్లా ఏ రంగులో ఉందన్నది ఇక్కడివాళ్లకు చిన్న విషయం కాదు. ఇలాంటి వీడియోకి మూడో మెట్టు ఒక్కటే ముఖ్యం: మ్యాప్ మారిన ప్రతిసారీ ఒక బొమ్మ, దాని మీది రంగుల సూచికతో సహా, బులెటిన్ టైమ్ కూడా కనిపించేలా.

వంట వీడియోల్లో "ఇంత ఉప్పు" సంగతి అందరికీ తెలుసు. దానికన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తర్వాత తెర మీద వేసే దిద్దుబాటు. నోటితో "ఒక స్పూను" అంటారు, ఎడిటింగ్‌లో కింద "అర స్పూను చాలు" అని అక్షరాలు వేస్తారు. మాటల ఫైలులో ఒక స్పూనే మిగులుతుంది. ఇలాంటి అక్షరాలు మూడు నాలుగు సెకన్లే ఉంటాయి, కాబట్టి పది సెకన్లకో బొమ్మ తీస్తే దాటిపోతాయి. వీటికి `fps=1/2` పెట్టి, రెండు సెకన్లకు ఒకటి చొప్పున తీయాలి.

ఆఖరి తనిఖీ

రాసిన సారాంశాన్ని వీడియో చూడని మనిషికి ఇవ్వండి, పక్కన నిలబడి వివరించకండి. పని గురించి నాలుగు ప్రశ్నలు అడగండి. వాటిలో రెండింటికైనా జవాబు తెర మీద మాత్రమే ఉన్నదై ఉండాలి. నేను ముందు కాగితంతో దెబ్బతిన్న కుర్రాడినే వెతికి పట్టుకుని కొత్తది ఇచ్చాను. ఏ స్క్రూ, ఎంత వదలాలి, ఎప్పటిదాకా కొట్టాలి, మూడూ సరిగ్గా చెప్పాడు. నాలుగోది, పంపు ఎప్పుడు ఆపాలి అని అడిగితే, "తేట డీజిల్ రాగానే అన్నా" అన్నాడు. "పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి" అన్న వాక్యాన్ని చదివాడు, కానీ రెండు చేతులూ ఒకేసారి పనిలో ఉండాలని అతనికి తట్టలేదు. ఆ వాక్యం తీసేసి ఇలా రాశాను: "ఒక చేత్తో పంపు కొడుతూ ఉండగానే ఇంకో చేత్తో స్క్రూ బిగించాలి. స్క్రూ పూర్తిగా బిగిశాకే పంపు మీద నుంచి చెయ్యి తీయాలి." దాని పక్కన 4:10 దగ్గరి బొమ్మ, రెండు చేతులూ కనిపించేది, అతికించాను.